పిన్నులో ప్లస్సా, మైనస్సా? గిటార్ పెడల్‌కు అడాప్టర్ పెట్టే ముందు చూడాల్సింది

వైఫై రౌటర్‌తో వచ్చే అడాప్టర్లలో కొన్నింటి మీద 9 వోల్టులు, 0.6 యాంపియర్లు అని ఉంటుంది. గిటార్ పెడల్ వెనక కూడా 9 వోల్టులనే ఉంటుంది. పెడల్‌కు కావాల్సింది చాలాసార్లు 10, 20 మిల్లీ యాంపియర్లే కాబట్టి కరెంటుకు కొదవ లేదు. ప్లగ్ కూడా అదే సైజు, బయట 5.5 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లు. సాకెట్‌లో చక్కగా బిగుస్తుంది. ఇన్ని కలిసిన తర్వాత ఇంకేం చూడాలని అనిపించడం సహజం. కానీ రౌటర్ అడాప్టర్‌లో ప్లస్ మధ్య రంధ్రంలో, మైనస్ బయటి గొట్టం మీద ఉంటాయి. పెడళ్లలో అత్యధిక భాగం దీనికి సరిగ్గా తిరగేసి అడుగుతాయి. మధ్యలో మైనస్, బయట ప్లస్. మొదటిదాన్ని సెంటర్ పాజిటివ్ అంటారు, రెండోదాన్ని సెంటర్ నెగటివ్.

ఒక్క రౌటర్లే కాదు. సీసీటీవీ కెమెరాల 12 వోల్టుల అడాప్టర్లు, కరెంటు పోయినప్పుడు రౌటర్ నడపడానికి కొనే చిన్న యూపీఎస్‌లు, పవర్ బ్యాంక్ నుంచి 9 లేదా 12 వోల్టులు తీసే కేబుళ్లు, ఇవన్నీ దాదాపుగా సెంటర్ పాజిటివే. ఇంట్లో ఏ మూల చూసినా ఈ రకమే దొరుకుతుంది. అందుకే పెడల్‌తో వచ్చిన అడాప్టర్ పోయినప్పుడో, ప్రోగ్రాం ముందు హడావుడిలో పక్కవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నప్పుడో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. సైజు సరిపోవడం పోలారిటీ గురించి ఏమీ చెప్పదు. ఆ ప్లగ్ రూపాన్ని నిర్ణయించినవాళ్లు ఏ ధ్రువం ఎక్కడుండాలో నిర్ణయించలేదు. ఆ సంగతి ఒక్కో పరికరం తయారుచేసినవాళ్లకే వదిలేశారు.

పోలారిటీ చెప్పే గుర్తు అడాప్టర్ మీదా పెడల్ మీదా రెండుచోట్లా ఉంటుంది. మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ సగం తెరిచిన వలయం, రెండు పక్కలా గీతలు, గీతల చివర ప్లస్, మైనస్. చుక్క అంటే ప్లగ్ మధ్య భాగం. వలయం అంటే బయటి గొట్టం. చుక్క నుంచి బయల్దేరిన గీత ఏ గుర్తు దగ్గర ఆగుతుందో మధ్యలో ఉన్నది అదే. ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఎడమవైపు ఏముంది, కుడివైపు ఏముంది అని చూడటం. ఒక కంపెనీ మైనస్‌ను ఎడమవైపు వేస్తుంది, ఇంకో కంపెనీ అదే బొమ్మను అద్దంలో చూపినట్టు తిప్పి వేస్తుంది. రెండూ సెంటర్ నెగటివే కావచ్చు. కాబట్టి వైపు చూడకూడదు, గీతను వేలితో పట్టుకుని వెళ్లినట్టు చూడాలి. పెడల్ మీది బొమ్మ, అడాప్టర్ మీది బొమ్మ వేర్వేరుగా చదివి, రెండింటిలోనూ చుక్క ఒకే గుర్తుకు చేరితేనే జత కుదిరినట్టు.

పెడళ్లు మాత్రం ఈ తిరగేసిన పద్ధతి ఎందుకు పట్టుకున్నాయన్నది తెలుసుకోదగ్గ విషయం. ఎందుకంటే గుర్తు చెరిగిపోయిన పెడల్‌ను పరీక్షించే దారి కూడా అందులోనే ఉంది. బాస్ కంపెనీ 1977లో తన చిన్న పెడళ్లు మొదలుపెట్టినప్పుడు, పెడల్ అంటే ప్రధానంగా 9 వోల్టుల బ్యాటరీతో నడిచేది. అడాప్టర్ అదనపు సౌకర్యం. బ్యాటరీకి వేరే స్విచ్ ఉండదు. గిటార్ కేబుల్ గుచ్చే ఇన్‌పుట్ జాక్‌నే స్విచ్‌గా వాడారు. ఆ జాక్ స్టీరియో రకం, అంటే మూడు కాంటాక్టులది. బ్యాటరీ మైనస్ తీగ మధ్య కాంటాక్టుకు, అంటే రింగ్‌కు కలిపి ఉంటుంది. గిటార్ కేబుల్ మోనో కాబట్టి దాని పొడవాటి గ్రౌండ్ భాగం రింగ్‌నూ గ్రౌండ్‌నూ కలిపేస్తుంది. కేబుల్ పెడితే బ్యాటరీ మైనస్ గ్రౌండ్‌కు చేరి పెడల్ ఆన్ అవుతుంది, తీస్తే ఆఫ్ అవుతుంది. వాయించనప్పుడు కేబుల్ తీసేయమని చెప్పేది అందుకే.

ఇలా మైనస్ వైపు పని ఇన్‌పుట్ జాక్‌కు అప్పగించాక, ఇంకో పని మిగిలింది. అడాప్టర్ పెట్టగానే బ్యాటరీ సర్క్యూట్ నుంచి విడిపోవాలి. లేకపోతే అడాప్టర్ కరెంటు బ్యాటరీలోకి పోతుంది, ఛార్జ్ చేయకూడని బ్యాటరీ వేడెక్కి కారుతుంది. మైనస్ స్విచ్ ఇన్‌పుట్ జాక్‌లో ఉంది కాబట్టి ఈ విడదీయడం ప్లస్ వైపు జరగాలి. అడాప్టర్ సాకెట్‌లో కదిలే భాగం ఒక్కటే, బయటి గొట్టాన్ని తాకే స్ప్రింగ్ రేకు. ప్లగ్ లోపలికి వెళ్లినప్పుడు ఆ రేకు పక్కకు జరిగి, అంతకుముందు తాను ఆనుకుని ఉన్న ఇంకో కాంటాక్టు నుంచి విడిపోతుంది. మధ్య పిన్ కదలదు, కాబట్టి అక్కడ అలాంటి స్విచ్ పెట్టడానికి లేదు. బ్యాటరీ ప్లస్‌ను ఆ కదిలే రేకు ద్వారా పంపితే పని సులువుగా అయిపోతుంది. రేకు తాకేది బయటి గొట్టాన్ని కాబట్టి, గొట్టం ప్లస్ అవుతుంది, పిన్ మైనస్ అవుతుంది. సెంటర్ నెగటివ్ పద్ధతి ఇలా పది పైసల స్ప్రింగ్ రేకు నుంచి వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలు అదే అడాప్టర్లు పనికొచ్చేలా అదే పద్ధతి పాటించాయి. ఇప్పుడు బ్యాటరీ పెట్టే చోటే లేని చిన్న పెడళ్లు కూడా దాన్నే కొనసాగిస్తున్నాయి.

అయితే ఇది అలవాటే గానీ చట్టం కాదు. ముఖ్యంగా కొన్ని పాత డిజిటల్ పెడళ్లకు డీసీ కాదు, ఏసీ కావాలి. 1999లో వచ్చిన లైన్ 6 డీఎల్4 డిలే పెడల్, డిజిటెక్ వామీ నాలుగో తరం రెండూ ఏసీ అడాప్టర్‌తో నడిచేవే. వాటి అడాప్టర్‌కు పోలారిటీ గుర్తే ఉండదు, వోల్టుల పక్కన అలలాంటి గీత ఉంటుంది. అదే పేర్లతో తర్వాత వచ్చిన వామీ అయిదో తరం, డీఎల్4 రెండో రకం మాత్రం మామూలు 9 వోల్టుల డీసీ, సెంటర్ నెగటివ్. పాతది సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇంటర్నెట్‌లో కొత్తదాని వివరాలు చదివి అడాప్టర్ కొంటే పెడల్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. పాత ఏసీ అడాప్టర్‌ను మామూలు డీసీ పెడల్‌కు పెట్టడం ఇంకా చెడ్డది. ధ్రువాలు క్షణానికి ఎన్నోసార్లు తారుమారవుతుంటాయి కాబట్టి సగం సమయం అది తిరగేసి పెట్టినట్టే.

బొమ్మ చూసి కూడా నమ్మకం కలగకపోతే, లేదా లేబుల్ చెరిగిపోయి ఉంటే, మల్టీమీటర్‌తో కొలవడం ఒక నిమిషం పని. నిజానికి ఊరూపేరూ లేని అడాప్టర్‌కు లేబుల్ స్పష్టంగా ఉన్నా కొలిచే చూడాలి. మీటర్ డీసీ వోల్టేజీలో 20 వోల్టుల రేంజ్‌లో పెట్టాలి. నల్ల తీగ కామ్ రంధ్రంలో, ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో ఉండాలి. ఎర్ర తీగ పొరపాటున 10 యాంపియర్ల రంధ్రంలో ఉంటే కొలవడం కాదు, అడాప్టర్‌ను షార్ట్ చేసినట్టవుతుంది. ఎర్ర ప్రోబ్ కొనను ప్లగ్ మధ్య రంధ్రంలో పెట్టి, నల్ల ప్రోబ్‌ను బయటి గొట్టానికి ఆనించాలి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే, ఉదాహరణకు -9.1 అని కనిపిస్తే, అది సెంటర్ నెగటివ్. పెడల్‌కు కావాల్సింది అదే. గుర్తేమీ లేకుండా 9.1 అని వస్తే సెంటర్ పాజిటివ్. ఇక్కడ మైనస్ కనిపించడమే మంచి కబురు కాబట్టి, ఏ ప్రోబ్ ఎక్కడ పెట్టామో మళ్లీ ఒకసారి చూసుకోవడం అవసరం. ప్రోబులు తారుమారైతే తీర్పు కూడా తారుమారవుతుంది.

ప్రోబ్ కొన లావుగా ఉండి 2.1 మిల్లీమీటర్ల రంధ్రంలోకి దూరకపోతే, ఒక రెసిస్టర్ కాలో, సాగదీసిన పేపర్ క్లిప్పో లోపల పెట్టి దాన్ని ప్రోబ్‌తో తాకవచ్చు. అది గొట్టం అంచుకు తగలకుండా చూసుకోవాలి. కొలతలో అంకె కూడా గమనించాలి. స్విచ్చింగ్ రకం అడాప్టర్ 9 వోల్టులంటే 9 దగ్గరే చూపిస్తుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత బరువైన రకం లోడు లేనప్పుడు 12, 13 వోల్టులు కూడా చూపించవచ్చు. మీటర్ డీసీలో దాదాపు సున్నా చూపిస్తే అడాప్టర్ పాడైందని వెంటనే అనుకోకూడదు. ఏసీ రేంజ్‌కు మార్చి చూడాలి. అక్కడ 9, 10 వోల్టులు వస్తే అది ఏసీ అడాప్టర్.

అడాప్టర్ సంగతి తేలింది. పెడల్ మీది గుర్తు చెరిగిపోతే? సెకండ్ హ్యాండ్ పెడళ్లలో, రంగు మళ్లీ వేసినవాటిలో, ఇంట్లో కిట్‌తో కట్టినవాటిలో ఇది తరచూ ఎదురవుతుంది. ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్ నుంచి అడాప్టర్ సాకెట్ పిన్‌కు కంటిన్యుటీ, అంటే తెగని దారి, ఉందో లేదో మీటర్‌తో చూడమని సాధారణంగా చెబుతారు. బీప్ వస్తే పిన్ గ్రౌండ్, కాబట్టి సెంటర్ నెగటివ్ అని. చాలా పెడళ్లకు ఇది నిజమే. కానీ ప్లస్‌నే గ్రౌండ్‌గా పెట్టుకున్న పెడళ్లు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గర ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. బ్యాటరీ క్లిప్ ఉన్న పెడల్‌కు అంతకన్నా గట్టి పరీక్ష ఉంది. ఏ అడాప్టరూ ఏ కేబులూ పెట్టకుండా, బ్యాటరీ తీసేసి, మీటర్‌ను కంటిన్యుటీలో పెట్టాలి. ఒక ప్రోబ్‌ను క్లిప్‌లో ఎర్ర తీగ చేరే గుండీకి ఆనించాలి. ఇది రెండింటిలో పెద్దగా, బోలుగా ఉండే గుండీ. రెండో ప్రోబ్‌తో సాకెట్ లోపలి స్ప్రింగ్ రేకును మెల్లగా తాకాలి. బీప్ వస్తే రేకు ప్లస్, అంటే సెంటర్ నెగటివ్ పెడల్. రేకు దగ్గర మౌనంగా ఉండి, మధ్య పిన్ దగ్గర బీప్ వస్తే అది సెంటర్ పాజిటివ్. రేకును గట్టిగా నొక్కితే అది జరిగి స్విచ్ తెరుచుకుంటుంది, బీప్ రావాల్సిన చోట రాకుండా పోతుంది. అందుకే తాకీ తాకనట్టు తాకాలి.

బ్యాటరీ చోటు లేని పెడల్ అయితే మూత విప్పి చూడాల్సిందే. సాకెట్ నుంచి వచ్చే రెండు తీగల్లో ఏది పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మైనస్ వైపుకు పోతుందో గమనించాలి. కెపాసిటర్ ఒంటి మీద మైనస్ వైపు నిలువు పట్టీ ఉంటుంది. ఆ వైపుకు నేరుగా పిన్ చేరితే పెడల్ సెంటర్ నెగటివ్.

ఇక పొరపాటు జరిగిపోతే లోపల ఏమవుతుందో చూద్దాం. ఇంట్లో కిట్‌తో కట్టిన ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒకటి ఊహించుకుందాం. ఇలాంటి సర్క్యూట్లలో అడాప్టర్ ప్లస్ మొదట 100 ఓమ్‌ల రెసిస్టర్ గుండా వచ్చి, తర్వాత కెపాసిటర్‌కూ ఐసీకీ చేరడం మామూలే. రెసిస్టర్ తర్వాత, ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1N4001 డయోడ్ అడ్డంగా ఉంటుంది. సరైన పోలారిటీలో ఈ డయోడ్ ఏ పనీ చేయదు. తిరగేసి పెడితే అది తెరుచుకుని కరెంటు మొత్తాన్ని తన గుండా పంపేస్తుంది. ఐసీ మీద పడే తిరగేసిన వోల్టేజీ 0.7 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది, అంతమాత్రానికి అది బతుకుతుంది.

ఇప్పుడు ఆ 9 వోల్టుల రౌటర్ అడాప్టర్ గుచ్చారనుకుందాం. డయోడ్ 0.7 తీసుకుంటే మిగిలిన 8.3 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. 8.3ను 100తో భాగిస్తే 83 మిల్లీ యాంపియర్లు. దాన్ని మళ్లీ 8.3తో గుణిస్తే దాదాపు 0.7 వాట్లు. కిట్లలో వచ్చే రెసిస్టర్ పావు వాట్‌ది, అంటే తట్టుకోగలిగినదానికి దాదాపు మూడింతల వేడి. అడాప్టర్‌కు 83 మిల్లీ యాంపియర్లు లెక్కలోకి రావు, కాబట్టి అది ఆగదు. డయోడ్ 1 యాంపియర్ తట్టుకునేది, దానికీ ఇబ్బంది లేదు. కాలేది రెసిస్టరే. ముందు ఘాటు వాసన వస్తుంది, తర్వాత రంగు పట్టీలు నల్లబడతాయి, అలాగే వదిలేస్తే తెగిపోతుంది. రెండు మూడు సెకన్లలో తీసేస్తే చాలాసార్లు ఏమీ కాదు. 12 వోల్టుల సీసీటీవీ అడాప్టర్ అయితే ఇదే లెక్కలో 1.3 వాట్లు దాకా పోతుంది, సమయం ఇంకా తక్కువ.

ఈ పెడల్‌లో కనిపించే గుర్తులు సులువుగా పట్టుకోవచ్చు. లైటు వెలగదు, ఎఫెక్ట్ ఆన్ చేస్తే శబ్దం రాదు, ఆఫ్‌లో గిటార్ సిగ్నల్‌ను సర్క్యూట్‌ తాకకుండా నేరుగా పంపే ట్రూ బైపాస్ స్విచ్ ఉంటే ఆఫ్‌లో మాత్రం గిటార్ మామూలుగా వినిపిస్తుంది. సరైన అడాప్టర్ పెట్టాక కూడా ఇలాగే ఉంటే ఆ రెసిస్టర్ తెగిందని మొదట అనుమానించాలి. రెసిస్టర్ మారిస్తే పెడల్ తిరిగి పాడుతుంది, ఖర్చు రూపాయో రెండో. పెడల్ పోయిందని పక్కన పారేసే ముందు ఇది చూడకపోతే అన్యాయమే.

ఆ రెసిస్టర్ లేకుండా డయోడ్ ఒక్కటే ఉన్న పెడళ్లలో కథ వేరు. అక్కడ తిరగేసిన అడాప్టర్‌కు డయోడ్ దాదాపు షార్టే. స్విచ్చింగ్ అడాప్టర్ అయితే తనను తాను కాపాడుకుంటుంది. ఆగి, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ ఆగి, టిక్కు టిక్కుమంటుంది, దాని లైటు మిణుకుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే వెంటనే తీసేయాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్‌కు ఆ తెలివి లేదు. ఇవ్వగలిగినంత కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఎక్కువ సామర్థ్యం ఉన్నదైతే డయోడ్ కాలిపోతుంది. డయోడ్ సాధారణంగా షార్ట్ అయి చనిపోతుంది. అప్పుడు సరైన అడాప్టర్ పెట్టినా అదీ షార్ట్ అవుతుంది, కొత్త బ్యాటరీ పెడితే వేడెక్కి దిగిపోతుంది. మీటర్‌తో సాకెట్ పిన్‌కూ రేకుకూ మధ్య చూస్తే రెండు దిక్కులా బీప్ వస్తుంది. ఆ డయోడ్ మారిస్తే, అది చివరిదాకా కాపలా కాసినందువల్ల, మిగతా పెడల్ చాలాసార్లు బాగానే ఉంటుంది. కానీ డయోడ్ షార్ట్ కాకుండా పగిలి తెగిపోయిందంటే ఆ క్షణం నుంచి ఐసీకి కాపలా లేనట్టే.

కొందరు డయోడ్‌ను అడ్డంగా కాకుండా ప్లస్ దారిలోనే వరుసగా పెడతారు. తిరగేసి పెడితే దారి మూసుకుపోతుంది, ఏమీ జరగదు, ఏమీ కాలదు. ఇదే మేలైన ఏర్పాటు. దీనికి చెల్లించే ధర, సరిగ్గా పెట్టినప్పుడు కూడా 0.6, 0.7 వోల్టులు డయోడ్‌లో పోవడం. 1N5817 లాంటి షాట్కీ డయోడ్ వాడితే ఆ నష్టం చాలా తగ్గుతుంది. ఏ కాపలా లేని పెడళ్లూ ఉన్నాయి. వాటిలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బుతాయి, ఐసీలు కొద్దిసేపట్లోనే పోతాయి. బయటినుంచి చూసి ఏ పెడల్‌లో ఏముందో చెప్పలేం, అందుకే ముందు చూసుకోవడం తప్ప వేరే దారి లేదు.

సెంటర్ పాజిటివ్ అడాప్టర్ ఒక్కటే చేతిలో ఉంటే, పోలారిటీ తిప్పే చిన్న కేబుల్ దొరుకుతుంది. వోల్టేజీ సరిపోతే, ఒక్క పెడల్‌కు అది సరైన పరిష్కారమే. 12 వోల్టుల అడాప్టర్‌కు మాత్రం ఇది మందు కాదు. లోపల వోల్టేజీ పెంచే చార్జ్ పంప్ ఐసీ ఉన్న పెడళ్లు కొన్ని 10 వోల్టులు దాటితేనే తట్టుకోలేవు, పోలారిటీ ఎంత సరిగ్గా ఉన్నా సరే. తిప్పే కేబుల్‌ను సంచిలో మిగతా కేబుళ్లతో కలిపేయడం కూడా ప్రమాదమే. దానికి ఎర్ర టేపు చుట్టి పెట్టుకోవాలి. సరైన అడాప్టర్‌కు అది పొరపాటున తగిలితే కొత్త సమస్య మొదలవుతుంది.

చివరగా అందరినీ తికమక పెట్టేది ప్లస్ గ్రౌండ్ ఫజ్ పెడళ్ల సంగతి. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్‌లో జర్మేనియం పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఆ సర్క్యూట్‌లో గ్రౌండ్‌కు చేరేది బ్యాటరీ ప్లస్. అది బ్యాటరీతోనే నడిచేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇప్పుడు అదే సర్క్యూట్‌తో కడుతున్న ఫజ్‌లలో కొన్నింటికి అడాప్టర్ సాకెట్ పెడుతున్నారు, దాని మీద సెంటర్ నెగటివ్ అనే రాసి ఉంటుంది. రాసింది నిజమే. ఒక్కదానికే అడాప్టర్ పెడితే బాగా పనిచేస్తుంది. ఒకే అడాప్టర్ నుంచి నాలుగైదు పెడళ్లకు కరెంటు ఇచ్చే డైసీ చైన్‌లో దాన్ని కలిపితే మాత్రం ఏ ప్లగ్ గుర్తూ తప్పు లేకుండానే షార్ట్ అవుతుంది. పక్క పెడల్ గ్రౌండ్ అడాప్టర్ మైనస్‌కు ఉంది. ఫజ్ గ్రౌండ్ అదే అడాప్టర్ ప్లస్‌కు ఉంది. రెండింటి మధ్య ప్యాచ్ కేబుల్ పెట్టగానే దాని షీల్డ్ ఆ రెండు గ్రౌండ్లనూ కలిపేస్తుంది. అడాప్టర్ రెండు కొనలూ కలిసిపోయినట్టే.

దీన్ని ముందే కనిపెట్టవచ్చు. అడాప్టర్లు తీసేసి, మీటర్ కంటిన్యుటీలో పెట్టి, ఫజ్ ఇన్‌పుట్ జాక్ బయటి భాగం నుంచి అడాప్టర్ సాకెట్ పిన్‌కు చూడాలి. పెడల్ మీద సెంటర్ నెగటివ్ అని ఉండి కూడా పిన్ దగ్గర బీప్ రాకుండా స్ప్రింగ్ రేకు దగ్గర వస్తే అది ప్లస్ గ్రౌండ్ పెడల్. దానికి విడి అడాప్టర్ ఇవ్వాలి, లేదా ఒక్కో సాకెట్ మిగతావాటితో సంబంధం లేకుండా ఉండే ఐసొలేటెడ్ పవర్ సప్లైలో ఒక సాకెట్ కేటాయించాలి, లేదా బ్యాటరీతోనే నడపాలి. పోలారిటీ తిప్పే కేబుల్ మాత్రం దీనికి పెట్టకూడదు. అప్పుడు గ్రౌండ్లు కలుస్తాయి, షార్ట్ పోతుంది, కానీ ఫజ్‌లోని ట్రాన్సిస్టర్లకు కరెంటు తిరగేసి అందుతుంది.